వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తే తీసేయకండి: దూర ప్రయాణం మధ్యలో గేజ్‌ను చదివే పద్ధతి

హైవే మీద రెండు మూడు గంటలు ఆపకుండా నడిపి బంకులో ఆగారు. ఎందుకైనా మంచిదని గాలి చెక్ చేయించారు. డోరు పక్కన స్టిక్కర్ మీద 33 అని ఉంది, గేజ్ మాత్రం 38 చూపిస్తోంది. "ఐదు ఎక్కువుంది సార్, తీసేస్తా" అంటూ గాలి కొట్టే కుర్రాడు వాల్వ్ పిన్ను నొక్కబోతాడు. అక్కడ మీరు చెప్పాల్సింది ఒక్కటే: "వద్దు, అలాగే ఉంచు."

ఆ 38 తప్పు రీడింగ్ కాదు, ఎవరో గాలి ఎక్కువ కొట్టారనీ కాదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 33 ఉన్న టైరు, అంత దూరం తిరిగాక 38 దగ్గర ఉండటమే సరైన పరిస్థితి. అలాంటి చోట నిజంగా టెన్షన్ పడాల్సింది 33 చూపించే టైరు గురించి. ఎందుకో, అప్పుడేం చేయాలో వరసగా చూద్దాం.

## స్టిక్కర్ మీద అంకె చల్లని టైరుది

డ్రైవర్ డోరు తెరిస్తే పక్క స్తంభం మీదో, డోరు అంచు మీదో, కొన్ని వాహనాల్లో పెట్రోలు మూత లోపలో గాలి ఎంత ఉండాలో రాసిన స్టిక్కర్ ఉంటుంది. ముందు టైర్లకూ వెనక టైర్లకూ వేరు వేరుగా ఉండొచ్చు. ఇద్దరు ఎక్కితే ఒకటి, నిండా మనుషులు, సామాను ఉంటే ఇంకొకటి అని రెండు వరసలూ ఉండొచ్చు. ఆ అంకెలన్నీ టైరు చల్లగా ఉన్నప్పటివి. చల్లగా అంటే చెయ్యి పెడితే చల్లగా తగలడం కాదు. బండి కనీసం మూడు గంటలు కదలకుండా ఉండాలి, లేదా ఆగి ఉన్న చోటి నుంచి మామూలు వేగంతో కిలోమీటరున్నరకు మించి తిరిగి ఉండకూడదు.

టైరు నడుస్తుంటే వేడెక్కుతుందనీ, గాలి ఒత్తిడి పెరుగుతుందనీ ఆ అంకె వేసినవాళ్లకు తెలుసు. ఆ పెరుగుదలను లెక్కలోకి తీసుకునే 33 అని వేశారు. కాబట్టి వేడి టైరు రీడింగ్‌ను ఆ 33తో నేరుగా పోల్చడం కుదరదు.

## వేడి ఎక్కడి నుంచి వస్తుంది

ఎండ వల్లా, రోడ్డు కాలడం వల్లా అని చాలామంది అనుకుంటారు. వాటి పాత్ర ఉంది కానీ, ఎక్కువ వేడి టైరు తనలో తానే పుట్టించుకుంటుంది. బండి బరువుకు టైరు అడుగుభాగం కాస్త అణిగి, పక్కగోడ బయటికి ఉబ్బుతుంది. చక్రం తిరిగి ఆ భాగం పైకి రాగానే మళ్లీ మామూలుగా అవుతుంది. హైవే వేగంలో ప్రతి సెకనుకూ ఇది పదిసార్లకు పైగా జరుగుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ పదే పదే వంచితే వంచిన చోట వేడెక్కినట్టే, రబ్బరూ లోపలి దారాల పొరలూ వేడెక్కుతాయి. వంపు ఎంత ఎక్కువైతే వేడి అంత ఎక్కువ.

ఆ వేడి లోపలి గాలికి చేరుతుంది. టైరులో ఉక్కు తీగల పొర ఉంటుంది కాబట్టి అది బెలూన్‌లా సాగిపోదు. చోటు పెరగకుండా గాలి వేడెక్కితే ఒత్తిడే పెరగాలి. బయటి నుంచి ఒక్క చుక్క గాలి కూడా లోపలికి వెళ్లలేదు, ఉన్న గాలే ఎక్కువ బలంతో గోడలను నెడుతోంది.

దాన్ని లెక్క కట్టొచ్చు:

```
వేడి PSI = (చల్లని PSI + 14.7) × (వేడి °C + 273) ÷ (చల్లని °C + 273) − 14.7
```

14.7 ఎందుకంటే, బయటి వాతావరణం కంటే లోపల ఎంత ఎక్కువుందో అంతే గేజ్ చూపిస్తుంది. బయటి ఒత్తిడిని కూడా కలిపితేనే లెక్క సరిపోతుంది. పొద్దున 30 డిగ్రీల దగ్గర 33 పెట్టారనుకోండి. హైవే మీద లోపలి గాలి 60 డిగ్రీలకు చేరితే లెక్క 37.7 వస్తుంది, అంటే గేజ్ మీద దాదాపు 38. కార్లకు సాధారణంగా కనిపించే పెరుగుదల ఇంతే, నాలుగు నుంచి ఆరు పీఎస్‌ఐ.

ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ టైరు బిగుసుకుంటుంది, వంపు తగ్గుతుంది, కొత్తగా పుట్టే వేడీ తగ్గుతుంది. ఇంకోపక్క గాలి తగిలి కొంత వేడి బయటికి పోతూనే ఉంటుంది. ఒకే వేగంతో నడుపుతుంటే అరగంటో గంటో అయ్యేసరికి రెండూ సమానమై రీడింగ్ ఒక చోట నిలబడుతుంది. అంటే పెరిగిన ఒత్తిడి, టైరు మరీ వేడెక్కకుండా ఆపే కట్టడి కూడా. గాలి తీయడమంటే ఆ కట్టడిని సడలించడమే.

## తీసేస్తే తర్వాత రోజు ఏమవుతుంది

కుర్రాడు 38ని 33కి దించేశాడనుకుందాం. టైరులో ఉన్న గాలిలో సుమారు తొమ్మిది శాతం బయటికి పోయింది. బండి తీసుకెళ్లి రాత్రికి ఎక్కడో ఆపారు. తెల్లారి మళ్లీ అదే 30 డిగ్రీల దగ్గర టైరు చల్లబడితే గేజ్ 28.7 చూపిస్తుంది. తెల్లవారుజామున 20 డిగ్రీలే ఉంటే 27 దగ్గరికి దిగుతుంది. ఉండాల్సినదానికంటే నాలుగు నుంచి ఆరు తక్కువ.

డ్యాష్‌బోర్డ్ మీద లైటు వెలిగి చెబుతుందిలే అనుకోవద్దు. చాలా వాహనాల్లో ఆ లైటు ఒత్తిడి 20 నుంచి 25 శాతం పడిపోయాకే వెలుగుతుంది. 33కి 28.7 అంటే 13 శాతమే తగ్గింది కాబట్టి లైటు వెలగదు. కంటికీ తెలియదు. రేడియల్ టైరు పక్కగోడ సరిగ్గా గాలి ఉన్నప్పుడే కాస్త ఉబ్బినట్టుంటుంది.

ఇప్పుడు అదే బండితో మళ్లీ హైవే ఎక్కారు. గాలి తక్కువుంది, వంపు ఎక్కువ, వేడి ఎక్కువ. నిన్న 60 దగ్గర ఆగిన లోపలి గాలి ఇవాళ 70 డిగ్రీలకు చేరిందనుకుంటే, లెక్క ప్రకారం గేజ్ 34 కంటే కొంచెం ఎక్కువ చూపిస్తుంది. మధ్యలో ఎవరైనా చెక్ చేస్తే "పర్‌ఫెక్ట్‌గా ఉంది సార్, ఒక పాయింట్ ఎక్కువే" అంటారు. గాలి తక్కువున్న టైరు వేడెక్కి, స్టిక్కర్ మీది అంకెకు సరిపోయినట్టు నటిస్తుంది. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అసలు ప్రమాదం ఇదే. ఎక్కువ చూపిస్తే కనీసం మనిషి ఆగి అడుగుతాడు, సరిగ్గా ఉన్నట్టు చూపిస్తే ఎవరూ అడగరు.

టైరు పేలిపోతుందనే భయంతోనే చాలామంది గాలి తీయిస్తారు. మంచి టైరు నాలుగైదు పీఎస్‌ఐ పెరిగినందుకు పేలదు. కొన్ని టైర్ల పక్కగోడ మీద గరిష్ఠ ఒత్తిడి అంటూ 44, 51 లాంటి అంకెలు ఉంటాయి. అది కూడా చల్లగా ఉన్నప్పుడు నింపగలిగే గరిష్ఠమే, నడిచినప్పుడు దానిపైన పెరిగేది టైరు తట్టుకునేలా తయారవుతుంది. (ఆ అంకె చూసి అంత గాలి కొట్టించేవాళ్లూ ఉన్నారు. అదీ తప్పే, మీకు కావాల్సింది స్టిక్కర్ మీది అంకె.) హైవే మీద టైర్లు చీలిపోవడం వెనక ఎక్కువగా ఉండేవి తక్కువ గాలి, ఎక్కువ బరువు, ఎక్కువ వేగం, పాతబడిన లేదా ముందే దెబ్బతిన్న టైరు. తక్కువ గాలితో గంటల తరబడి నడిస్తే లోపలి పొరల మధ్య అతుకు వేడికి వదులవుతుంది, ఆ తర్వాత ట్రెడ్ ఊడి రావడమో పక్కగోడ తెగడమో జరుగుతుంది.

## దారిలో ఆగినప్పుడు: నాలుగు టైర్లనూ పక్కపక్కన పెట్టి చదవండి

వేడి టైరును స్టిక్కర్‌తో పోల్చకూడదంటే, చెక్ చేయడమే వృథా అని కాదు. పోల్చాల్సింది టైరుతో టైరును.

ముందు ఒకే గేజ్‌తో నాలుగూ కొలవండి. రెండు వేరు వేరు గేజ్‌లు ఒకే టైరుకు రెండు మూడు పాయింట్ల తేడా చూపించడం మామూలే, అందుకే జేబులో ఒక సొంత గేజ్ ఉండటం మంచిది. గేజ్ మూతిని వాల్వ్ మీద నిటారుగా, ఒక్కసారిగా నొక్కండి. "తుస్స్" అని చప్పుడు కొనసాగుతుంటే సరిగ్గా కూర్చోలేదని అర్థం, ఆ రీడింగ్ లెక్కలోకి తీసుకోకండి. నాలుగు అంకెలనూ ఫోన్లోనో కాగితం మీదో రాసుకోండి.

ఉదాహరణకు నాలుగింటికీ 33 ఉండాల్సిన బండిలో ఈ అంకెలు వచ్చాయనుకోండి: ముందు ఎడమ 38, ముందు కుడి 38, వెనక ఎడమ 37, వెనక కుడి 33.

స్టిక్కర్ పట్టుకుని చూసేవాళ్లు మూడు టైర్లలో గాలి తీసి, నాలుగోదాన్ని "ఇదొక్కటే కరెక్ట్" అని వదిలేస్తారు. నిజానికి మొదటి మూడూ బాగున్నాయి. సమస్య నాలుగోదానిదే. అన్నీ ఒకే రోడ్డు మీద, ఒకే వేగంతో తిరిగాయి. తోటి టైరు 37 ఉంటే ఇదొక్కటి 33 ఉందంటే, చల్లబడ్డాక ఇది 29 దగ్గర ఉంటుంది. పొద్దున బయల్దేరేటప్పుడు అన్నీ 33 ఉన్నాయని మీకు గట్టిగా తెలిస్తే, ఎక్కడో గాలి పోతోందన్న మాట.

అప్పుడు చేయాల్సింది ఇది. బండిని కొంచెం ముందుకు జరిపి ట్రెడ్ మొత్తం చూడండి. మేకో, స్క్రూ తలో మెరుస్తోందేమో గమనించండి. దొరికితే పీకకండి, పంక్చర్ షాపు చేరేదాకా రంధ్రాన్ని చాలావరకు మూసి ఉంచేది అదే. వాల్వ్ మీద సబ్బు నీళ్లో, ఏమీ లేకపోతే ఉమ్మి తడో పెట్టి బుడగలు వస్తున్నాయేమో చూడండి. తర్వాత ఆ ఒక్క టైరుకు తోటి టైరు ఎంత ఉందో అంతకు, అంటే 37కి గాలి కొట్టండి. కాసేపు నడిపి మళ్లీ ఆగి ఆ రెంటినీ పోల్చండి. మళ్లీ తేడా వస్తే స్టెప్నీ వేయడమో, పంక్చర్ వేయించడమో తప్పదు.

పోల్చేటప్పుడు ఒకటి రెండు పాయింట్ల తేడాను పట్టించుకోవద్దు. ఒకపక్క గంటసేపు ఎండ పడితే ఆ పక్క టైర్లు కాస్త ఎక్కువ చూపిస్తాయి. ముందు, వెనక టైర్ల మీద పడే బరువు వేరు కాబట్టి ముందుదాన్ని ముందుదానితో, వెనకదాన్ని వెనకదానితో పోల్చాలి.

తోటిదానికంటే ఒక టైరు చాలా ఎక్కువ చూపిస్తే, ఆ చక్రం బ్రేకు పట్టేసి ఉండొచ్చు. రిమ్ము దగ్గరికి చెయ్యి తీసుకెళ్తేనే మిగతావాటికంటే సెగ ఎక్కువ తగులుతుంది, కాలిన వాసన కూడా రావచ్చు. లోహాన్ని ముట్టుకోకండి, చల్లార్చాలని నీళ్లు కుమ్మరించకండి. అది గాలి తీస్తే పోయే జబ్బు కాదు, మెకానిక్ చూడాలి.

## ఆటోమేటిక్ మెషీన్ దగ్గర జాగ్రత్త

గాలి తీయొద్దని తెలిసినవాళ్లు కూడా ఇక్కడ దొరికిపోతారు. అంకె సెట్ చేసి పైపు తగిలించే డిజిటల్ మెషీన్లలో చాలావరకు, గాలి తక్కువుంటే నింపుతాయి, ఎక్కువుంటే తీసేస్తాయి. 33 అని సెట్ చేసి వేడి టైరుకు తగిలిస్తే, ఎవరినీ అడగకుండా 38ని 33కి దించేసి బీప్ కొడుతుంది. నాలుగు టైర్లకూ తిప్పారంటే నాలుగూ తగ్గిపోయినట్టే.

అందుకని వేడి మీద ఉన్నప్పుడు ఆ మెషీన్‌ను బాగున్న టైర్లకు తగిలించకండి, ముందు చేతి గేజ్‌తోనే కొలవండి. తక్కువున్న టైరుకు మాత్రం, తోటి టైరు వేడి రీడింగ్‌ను సెట్ చేసి తగిలించండి. పోల్చడానికి వీలు లేకుండా, నాలుగింటిలోనూ ఎప్పటి నుంచో గాలి చూడలేదు, ఇప్పుడు వేడిగా ఉండి కూడా స్టిక్కర్ అంకెకు కిందే ఉన్నాయి అంటే అవి బాగా తక్కువున్నట్టు. స్టిక్కర్ అంకెకు నాలుగు కలిపి, అంటే 37కి నింపి, తర్వాత చల్లబడ్డాక సరిచేసుకోండి.

ఇప్పటికే ఎవరో గాలి తీసేశారని మధ్యలో తెలిస్తే కూడా ఇదే మందు. 37, 38కి మళ్లీ నింపించుకుని బయల్దేరండి. "రేపు చూద్దాంలే" అని అలాగే హైవే మీద వెళ్లడం మంచిది కాదు.

## పెరుగుదల మరీ ఎక్కువగా ఉంటే

పొద్దున చల్లగా 33 ఉండి, మధ్యాహ్నం 43 చూపిస్తోంది. ఇది మామూలు కాదు. ఇక్కడ కూడా గాలి తీయడం పరిష్కారం కాదు. టైరు మరీ ఎక్కువ వంగి మరీ ఎక్కువ వేడెక్కిందని అది చెబుతోంది. గాలి తీస్తే వంపు ఇంకా పెరుగుతుంది.

కారణం వెతకండి. మనుషులు, సామాను నిండుగా ఉండి, స్టిక్కర్‌లో తేలిక బరువుకు రాసిన అంకెనే పెట్టారా? నిండు బరువు వరసలో అంకె చాలా బండ్లకు ఎక్కువుంటుంది, వెనక టైర్లకు ముఖ్యంగా. బండి మోయాల్సిన బరువే దాటిపోయిందా? వేగం మరీ ఎక్కువైందా? పొద్దున కొలిచిన గేజే తప్పా? నీడలో ఆపి టైర్లు చల్లారేదాకా ఆగండి, సామాను తగ్గించగలిగితే తగ్గించండి, ఆ తర్వాత వేగం తగ్గించి నడపండి. పక్కగోడ మీద ఉబ్బు గానీ పగులు గానీ కనిపిస్తే ఆ టైరుతో ముందుకు వెళ్లొద్దు.

వేడి మీద గాలి తీయక తప్పని సందర్భం ఒకటుంది. బంకులో పొరపాటున చాలా ఎక్కువ కొట్టేశారు, నాలుగైదు కిలోమీటర్లు తిరిగాక మీ గేజ్‌తో చూస్తే 50 ఉంది. అది వేడి వల్ల వచ్చింది కాదని స్పష్టమే. అప్పుడు తీయండి, కానీ 33కి కాదు. 37 దగ్గర ఆపేసి, మిగతా లెక్క మర్నాడు పొద్దున చూసుకోండి.

నైట్రోజన్ నింపించాం కాబట్టి మాకు ఒత్తిడి పెరగదు అనే మాట తరచూ వినిపిస్తుంది. పై లెక్క నైట్రోజన్‌కూ అదే. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది. నైట్రోజన్ నింపిన టైరు కూడా వేడి మీద 38 దగ్గరే చూపిస్తుంది, దాన్ని కూడా అలాగే వదిలేయాలి.

## సరిచేయాల్సింది మర్నాడు పొద్దున

రాత్రంతా ఆగిన బండికి, ఎండ తగలకముందే, సొంత గేజ్‌తో కొలవండి. అప్పుడు వచ్చే అంకెను మాత్రమే స్టిక్కర్‌తో పోల్చాలి. ఎక్కువుంటే అప్పుడు నిశ్చింతగా తీయొచ్చు, తక్కువుంటే నింపాలి. చల్లటి ప్రాంతంలో గాలి పెట్టించుకుని వేడి ప్రాంతానికి వచ్చినా అంతే. పది డిగ్రీల వాతావరణ తేడాకు ఒకటిన్నర పీఎస్‌ఐ మారుతుంది కాబట్టి, వచ్చిన చోట ఒక రాత్రి ఆగాక చూసి సర్దుకోవాలి.

ఇంటి దగ్గర పంపు లేక, బంకు ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉంటే, అక్కడికి వెళ్లేసరికి టైర్లు కొంచెం వేడెక్కుతాయి. దానికి ఒక సులువైన పద్ధతి ఉంది. ఇంట్లోనే చల్లగా కొలిచి, ఏ టైరుకు ఎంత తక్కువుందో రాసుకోండి. ముందు ఎడమ టైరు 30 ఉంది, 33 కావాలి, అంటే 3 తక్కువ. బంకు చేరాక అదే గేజ్‌తో అదే టైరు 32 చూపించిందనుకోండి. 33 దగ్గర ఆపకండి, ఆ 32కి మీ 3 కలిపి 35 వచ్చేదాకా నింపండి. ఇంటికొచ్చి చల్లబడ్డాక చూస్తే 33కి చాలా దగ్గరగా ఉంటుంది.

నింపాక వాల్వ్ క్యాపులు బిగించండి. దుమ్ము చేరి పిన్ను సరిగ్గా మూసుకోకపోతే, ఇంత లెక్క చూసి పెట్టిన గాలి మెల్లగా జారిపోతుంది. స్టెప్నీని కూడా ఆ పూటే చూసేయండి, చల్లగా ఉంటుంది కాబట్టి దాని రీడింగ్‌ను ఎప్పుడు కొలిచినా నమ్మొచ్చు.